అప్పు తీరింది, ఇల్లు ఇంకా తనఖాలోనే ఉంది

ప్రశ్న: విజయవాడ పటమటలో మా ఇల్లు. 2013లో తీసుకున్న గృహరుణాన్ని ఈ మార్చి 10న చివరి వాయిదాతో పూర్తిగా కట్టేశాను. బ్యాంకువారు ‘బాకీ లేదు’ అని ఉత్తరం ఇచ్చారు. దస్తావేజులు మాత్రం హైదరాబాదు నుంచి రావాలంటున్నారు. నలభై రోజులు దాటింది. ఇల్లు కొంటామన్నవారు ఇంటి మీది రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ తీయిస్తే అందులో బ్యాంకు పేరు అలాగే ఉంది. ఈ ఉత్తరం చూపిస్తే సరిపోదా? నేనేం చేయాలి?

జవాబు:

సరిపోదు. మీ ఖాతాలో బాకీ లేదని మాత్రమే ఆ ఉత్తరం చెబుతుంది. ఇంటి మీద బ్యాంకుకున్న హక్కు వదులుకున్నట్టు అందులో ఒక్క ముక్క కూడా ఉండదు. కావాలంటే మళ్లీ చదివి చూడండి. నేను గుంటూరు, విజయవాడ శాఖల్లో రుణాల విభాగంలో ఇరవై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాను. దస్తావేజులు పెట్టే ఇనప బీరువాకు రెండు తాళాలుంటే ఒకటి నా జేబులో ఉండేది. ఇలాంటి వందల ఉత్తరాల మీద సంతకం పెట్టాను. అది పట్టుకుని ఇంటికి వెళ్లిపోయి, పిల్ల పెళ్లికి ఇల్లు అమ్మబోయినప్పుడు మళ్లీ మా గడప ఎక్కినవారినీ చాలామందిని చూశాను.

2013లో మీరు ఏం చేశారో ఒకసారి గుర్తు చేసుకోండి. మీ క్రయ దస్తావేజు, దాని వెనకటి లింకు డాక్యుమెంట్లు బ్యాంకు చేతిలో పెట్టారు. హక్కు పత్రాలు డిపాజిట్ చేసినట్టు ఒక మెమొరాండం రాసి, దాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించారు. ఈసీలో బ్యాంకు పేరు కనబడుతోందంటే ఆ రిజిస్ట్రేషన్ జరిగినట్టే. ఇది కాక, బ్యాంకులు తాము తీసుకున్న తనఖాలను సెర్సాయ్ అనే కేంద్ర రిజిస్ట్రీలో నమోదు చేస్తాయి. అంటే మీ ఇంటికి ముడులు మూడు పడ్డాయి. కాగితాలు బీరువాలో, ఒక వరుస సబ్‌రిజిస్ట్రార్ పుస్తకంలో, ఒక నమోదు సెర్సాయ్‌లో. మూడూ మూడు చోట్ల పడ్డాయి కాబట్టి మూడు చోట్లా విప్పించుకోవాలి. అప్పు ఖాతా సున్నా అయినంత మాత్రాన సబ్‌రిజిస్ట్రార్ కంప్యూటర్‌కు ఎవరూ కబురు పంపరు.

ఇవన్నీ అడగడం మీ హక్కు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షన్ ప్రకారం, అప్పు తీర్చిన మనిషికి తన ఆస్తికి సంబంధించి తనఖాదారు, అంటే తనఖా పట్టిన బ్యాంకు, దగ్గరున్న పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి. తనఖా రిజిస్టరు అయి ఉంటే, తన హక్కు ముగిసిపోయిందని తనఖాదారు రాతపూర్వకంగా ఒప్పుకుని ఆ ఒప్పుకోలును కూడా రిజిస్టరు చేయించాలి. ఈ రెండో సగం చాలామందికి తెలియదు. దాని ఖర్చు మాత్రం ఇంటి యజమానిదే అని ఆ సెక్షన్‌లోనే ఉంది కాబట్టి చలానా డబ్బు దగ్గర బ్యాంకుతో తగవు పెట్టుకోకండి.

ఇక పనిలోకి వద్దాం. ముందు మీ ఖాతా నిజంగా మూతపడిందో లేదో చూడండి. ‘ఉత్తరం ఇచ్చారుగా’ అనకండి. మా బావమరిది గుంటూరు కొరిటెపాడులో ఇల్లు కట్టుకోవడానికి ఒక బ్యాంకులో అప్పు తీసుకున్నాడు. చివరి వాయిదా 5వ తేదీన ఖాతా నుంచి వెళ్లిపోయింది, స్వీట్లు కూడా పంచాడు. రెండు నెలలైనా దస్తావేజులు రాలేదు. వెళ్లి అడిగితే ‘ఇంకా ఖాతా నడుస్తోందండీ’ అన్నారు. స్టేట్‌మెంటు తీయిస్తే సంగతి బయటపడింది. నెల మొదటి నుంచి 5వ తేదీ వరకు నాలుగు రోజుల వడ్డీ అందులో మిగిలిపోయింది. దాని మీద మళ్లీ కొద్దిగా వడ్డీ చేరింది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ చెప్పనూ లేదు. కంప్యూటర్ లెక్కలో అది తీరని అప్పు, అందువల్ల దస్తావేజుల కోసం హైదరాబాదుకు రాయాల్సిన కాగితం పుట్టనే లేదు. అంతకు ముందు ఎప్పుడో చేసిన తనిఖీ చార్జీలు, ఇంటి బీమా ప్రీమియం కూడా ఇలాగే తోకలా మిగిలిపోతుంటాయి. కాబట్టి మార్చి 1 నుంచి ఈ రోజు వరకు రుణ ఖాతా స్టేట్‌మెంటు అడిగి తీసుకోండి. చివరి వరుసలో నిల్వ సున్నా ఉండాలి, ఖాతా మూసిన తేదీ ఉండాలి. మీకు వచ్చిన ఉత్తరంలోని తేదీ, ఈ తేదీ ఒకటేనా అని చూడండి. మీ గడువు ఆ తేదీ మీదే ఆధారపడుతుంది.

గడువు సంగతి ఇది. రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబర్ 13న ఒక ఆదేశం ఇచ్చింది. వ్యక్తిగత రుణాల తరగతిలో గృహరుణాలూ వస్తాయి. అలాంటి రుణం పూర్తిగా తీరిన 30 రోజుల లోపు అసలు పత్రాలన్నీ తిరిగి ఇవ్వాలి, ఏ రిజిస్ట్రీలో నమోదైన చార్జీనైనా, అంటే ఆస్తి మీద తన హక్కు నమోదునైనా, తొలగించాలి. 2023 డిసెంబర్ 1 నుంచి పత్రాలు ఇవ్వాల్సి వచ్చే ప్రతి కేసుకూ ఇది వర్తిస్తుంది. ఆలస్యమైతే ఎందుకైందో బ్యాంకే చెప్పాలి. ఆ ఆలస్యం బ్యాంకు వల్లే జరిగితే గడువు దాటిన ప్రతి రోజుకూ 5,000 రూపాయలు పరిహారం కట్టాలి. ‘హైదరాబాదు నుంచి రావాలి’ అన్నది బ్యాంకు తన సౌకర్యానికి చేసుకున్న ఏర్పాటు. దాని బరువు మీ మీద పడకూడదు. పత్రాలు అప్పు నడిచిన శాఖలో తీసుకుంటారా, అవి ఉన్న మరో కార్యాలయంలో తీసుకుంటారా అన్నది కూడా మీ ఇష్టం.

మీ లెక్క చూద్దాం. మార్చి 10న ఖాతా మూతపడితే గడువు ఏప్రిల్ 9తో ముగిసింది. రేపెప్పుడో, మాటవరసకు మే 6న, పత్రాలు మీ చేతికి వచ్చాయనుకోండి. ఏప్రిల్ 10 నుంచి 30 వరకు 21 రోజులు, మేలో 6 రోజులు, మొత్తం 27 రోజులు. రోజుకు 5,000 చొప్పున 1,35,000 రూపాయలు. ఈ అంకె నోటితో చెబితే శాఖలో నవ్వుతారు. కాగితం మీద తేదీలతో రాస్తే నవ్వరు. నేను అటువైపు కూర్చున్నవాణ్ని కాబట్టి చెబుతున్నాను: తేదీలున్న ఉత్తరం వచ్చిన రోజు దస్తావేజుల ఫైలు బల్ల మీదికి వస్తుంది.

ఉత్తరం పెద్దదిగా ఉండనక్కర్లేదు. ‘నా గృహరుణ ఖాతా ఫలానా నంబరు మార్చి 10న పూర్తిగా తీరి మూతపడింది. 2013లో నేను డిపాజిట్ చేసిన అసలు పత్రాలు, మీరు ఇచ్చిన పత్రాల జాబితా ప్రకారం, నాకు ఇంకా అందలేదు. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో ఫలానా నంబరుతో రిజిస్టరైన డిపాజిట్ మెమొరాండానికి విడుదల పత్రం రాసి రిజిస్టరు చేయించండి. సెర్సాయ్‌లో చార్జీ తొలగించి నాకు తెలియజేయండి. ఆలస్యానికి కారణం, రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబర్ 13 ఆదేశం ప్రకారం నాకు రావలసిన పరిహారం రాతపూర్వకంగా తెలపండి.’ ఇంతే. శాఖకు ఒక ప్రతి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అదే విషయాన్ని బ్యాంకు ఫిర్యాదుల ఈమెయిల్‌కూ పంపండి. ముప్పై రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా, cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. బ్యాంకుకు ముందు రాయకుండా నేరుగా అక్కడికి వెళితే మాత్రం వెనక్కి పంపేస్తారు.

రోజుకు 5,000 అన్న ఈ లెక్కకు హద్దులున్నాయి, అవి కూడా తెలుసుకోండి. మీ వ్యాపారం కోసం తీసుకున్న రుణానికి అదే ఇంటిని పూచీగా పెట్టి ఉంటే ఆ రుణానికి ఈ ఆదేశం రాదు. ఇంటి అప్పు తీరినా, అవే పత్రాల మీద ఇంకో అప్పు నడుస్తుంటే బ్యాంకు వాటిని వదలదు, వదలమని అడగలేరు కూడా. బ్యాంకు రమ్మని రాసినా మీరు వెళ్లకపోతే ఆ రోజుల ఆలస్యం బ్యాంకు మీదికి రాదు. అందుకే ఫోను చేసి పిలిచినా ‘ఏ తేదీన రమ్మంటున్నారో మెసేజ్ పెట్టండి’ అనండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే ఘట్టం. పత్రాలు వచ్చాయని పిలుస్తారు. మీరు వెళతారు. బల్ల మీద గోధుమరంగు కవరు, దాని మీద మీ ఖాతా నంబరు, పక్కన ఒక కాగితం: ‘అన్ని పత్రాలూ సరిగా అందాయి’. దాని మీద సంతకం పెట్టమంటారు. కవరు విప్పకుండా సంతకం పెట్టకండి. వెనక జనం ఉన్నా, ఆఫీసరుకు భోజనం వేళయినా సరే, కుర్చీ లాక్కుని కూర్చోండి.

రుణం ఇచ్చినప్పుడు ఏ పత్రాలు తీసుకున్నారో బ్యాంకు ఒక జాబితా ఇచ్చి ఉంటుంది. మెమొరాండం వెనక అనుబంధంలోనూ అదే జాబితా ఉంటుంది. మీ దగ్గర లేకపోతే ఆ మెమొరాండం నకలు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో తీసుకోవచ్చు. దాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క దస్తావేజూ విప్పండి. పాత దస్తావేజుల్లో ప్రతి కాగితం వెనక ‘1వ పుస్తకము, ఫలానా సంవత్సరపు ఫలానా నంబరు దస్తావేజు, మొత్తము కాగితముల సంఖ్య 9, ఈ కాగితపు వరుస సంఖ్య 3’ అని రాసి, సబ్‌రిజిస్ట్రార్ సంతకం ఉంటుంది. తొమ్మిది అని ఉంటే తొమ్మిదీ లెక్కపెట్టండి. ఫొటోలు, వేలిముద్రలు ఉన్న కాగితం, ఇంటి ప్లాను కాగితం ఎక్కువగా విడిపోయేవి. స్కానింగుకు పంపినప్పుడు కుట్టు విప్పుతారు, మళ్లీ కుట్టేటప్పుడు ఒకటి జారిపోతుంది. లింకు డాక్యుమెంట్లు కూడా అసలువేనా అన్నది చూడండి. ఇప్పుడు రంగు జిరాక్సులు అచ్చం అసలులాగే ఉంటాయి. స్టాంపు కాగితాన్ని వెలుతురుకు పెట్టి నీటిముద్ర చూడండి. సంతకాల చోట కలం ఒత్తిడి వెనకవైపు తడిమితే తెలుస్తుంది. నేను శాఖలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన ఒక్కో కాగితాన్నీ కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూసేవారు. మావాళ్లు విసుక్కున్నారు గాని, ఆయన వెతుకుతున్న 1987 నాటి లింకు డాక్యుమెంటు వేరే ఖాతాదారు కవరులో దొరికింది.

ఒకటి తగ్గితే ‘ఫలానా నంబరు దస్తావేజు తప్ప మిగతావి అందాయి’ అని ఆ రసీదు మీదే మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. మామూలు సంతకం పెట్టేశాక ‘ఒకటి రాలేదు’ అంటే మీ మాటే తప్ప ఆధారం ఉండదు.

బ్యాంకు నిజంగానే ఒకటి పోగొట్టిందనుకోండి. అదే 2023 ఆదేశంలో దీనికీ దారి ఉంది. నకళ్లు, ధ్రువీకరించిన ప్రతులు తెచ్చుకోవడానికి బ్యాంకే సాయం చేయాలి, ఆ ఖర్చులు భరించాలి, పరిహారం అదనం. అయితే ఆ పని పూర్తి చేయడానికి బ్యాంకుకు ఇంకో 30 రోజులు ఇస్తారు, కాబట్టి రోజువారీ పరిహారం 60 రోజుల తర్వాత మొదలవుతుంది. మీ లెక్కలో ఆ 60 రోజులు మే 9తో ముగుస్తాయి. మీరు బ్యాంకు నుంచి ఒకటి మాత్రం తప్పకుండా తీసుకోవాలి: పత్రం తమ స్వాధీనంలో ఉండగా పోయిందని స్పష్టంగా, నంబరుతో రాసిన ఉత్తరం. పోలీసు ఫిర్యాదు, పత్రికా ప్రకటన, ధ్రువీకరించిన నకలు ఎన్ని ఉన్నా, పత్రం ఎవరి చేతిలో పోయిందన్న ప్రశ్నకు కొనేవారి బ్యాంకు అడిగే జవాబు ఆ ఉత్తరమే. అది లేకపోతే ‘యజమాని ఇంకెక్కడో కుదువ పెట్టాడేమో’ అన్న అనుమానం పోదు.

పత్రాలు చేతికి వచ్చాయి. ఇంతటితో అయిపోయిందనుకుని చాలామంది ఇంటికెళ్లిపోతారు. మీ కొనుగోలుదారు పట్టుకున్న చిక్కు ఇక్కడిదే. ఈసీలో మీ పేరు పక్కన MR అని, బ్యాంకు పేరు పక్కన ME అని కనిపించి ఉంటుంది. మొదటిది తనఖా పెట్టినవారు, రెండోది తనఖా పట్టినవారు. ఆ వరుసలో మెమొరాండం నంబరు, సంవత్సరం ఉంటాయి. ఆ నంబరు రాసుకోండి.

కావలసింది బ్యాంకు రాసి ఇచ్చే విడుదల పత్రం. దీన్నే కొందరు రసీదు దస్తావేజు అంటారు, దస్తావేజు లేఖరులు తనఖా విడుదల అంటారు. పేరు ఏదైనా అందులో మూడు సంగతులు ఉండాలి. ఫలానా సంవత్సరం ఫలానా నంబరుతో రిజిస్టరైన డిపాజిట్ మెమొరాండం కింది అప్పు పూర్తిగా తీరిందని, ఆ ఆస్తి మీద బ్యాంకుకు ఇక ఎలాంటి హక్కూ లేదని, పత్రాలు తిరిగి ఇచ్చామని. తనఖా ముగిసిందని చెప్పే రసీదు రిజిస్టరు కావాలి. డబ్బు ముట్టిందని మాత్రమే చెప్పే రసీదుకు రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. అలాంటి రసీదు ఈసీలోకి ఎక్కదు కాబట్టి దానితో మీకు ప్రయోజనం లేదు.

దాన్ని సంతకం చేసే అధికారి బ్యాంకు తరఫున సంతకం చేయడానికి అధికారపత్రం ఉన్నవాడై ఉండాలి. అతను, మీరు, సాక్షులు సబ్‌రిజిస్ట్రార్ ముందుకు రావాలి. అసలు సమస్య ఇక్కడ వస్తుంది: ఆఫీసరు సమయం. ‘వచ్చే వారం చూద్దాం’ అంటారు, వచ్చే వారం ఆయన ఆడిట్‌లో ఉంటారు. నా సలహా: ముసాయిదా మీరే లేఖరితో రాయించి, బ్యాంకుకు పంపి, వాళ్ల లీగల్ వారి ఆమోదం ఈమెయిల్‌లో తీసుకుని, రిజిస్ట్రేషన్‌కు తేదీ తీసుకున్నాక ఆఫీసరును కారులో తీసుకెళ్లి తీసుకురండి. ఆత్మగౌరవం కొంచెం దెబ్బతింటుంది గాని పని ఒక పూటలో అవుతుంది.

ముసాయిదాలో ఎక్కువ మంది చేసే తప్పు ఆస్తి షెడ్యూలులో ఉంటుంది. 2013 మెమొరాండంలో మీ ఇంటి నంబరు ఒకటి ఉంది. ఇన్నేళ్లలో కార్పొరేషన్ డోర్ నంబర్లు మార్చి ఉండవచ్చు. లేఖరి ఇప్పటి పన్ను రసీదు చూసి కొత్త నంబరు ఒక్కటే రాస్తే, పాత నంబరుతో వెతికినప్పుడు తనఖా కనబడుతుంది, విడుదల కనబడదు. రెండూ రిజిస్టరై ఉన్నా ఒకటి రెండోదాన్ని కలవదు. అందుకే 2013 షెడ్యూలును అక్షరం మార్చకుండా దించి, కొత్త నంబరును ‘ప్రస్తుత నంబరు’ అని పక్కన చేర్చాలి. సర్వే నంబరు, చదరపు గజాలు, నాలుగు హద్దులు కూడా అలాగే. పాత హద్దులో ఉన్న పొరుగువాడు అమ్ముకుని వెళ్లిపోయినా అతని పేరే ఉంచండి.

మీ బ్యాంకు పేరు మీరు చెప్పలేదు. మన ప్రాంతంలో చాలా ఇళ్ల ఈసీల్లో ఆంధ్రా బ్యాంకు పేరు ఉంది. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇప్పుడు విడుదల రాసేది యూనియన్ బ్యాంకు. తనఖా పట్టింది ఆంధ్రా బ్యాంకు. ఆ విలీనం గురించి విడుదల పత్రంలో ఒక వాక్యం లేకపోతే, చదివేవారికి ఎవరి తనఖాను ఎవరు వదిలారో అర్థం కాదు. మధ్యలో మీరు తక్కువ వడ్డీకి అప్పును ఒక సంస్థ నుంచి ఇంకో సంస్థకు మార్చి ఉంటే ఇంకా జాగ్రత్త. పత్రాలు మొదటి సంస్థ నుంచి రెండోదానికి నేరుగా వెళ్లిపోతాయి, మొదటి తనఖాకు విడుదల రాయించుకోవడం అందరూ మరిచిపోతారు. అప్పుడు ఈసీలో రెండు తనఖాలు ఉంటాయి, రెండింటికీ వేరువేరు విడుదలలు కావాలి.

ఈసీ గురించి ఒక అపోహ పోగొట్టాలి. ‘విడుదల రిజిస్టరయ్యాక కూడా ఈసీలో బ్యాంకు పేరు పోలేదు’ అని కంగారుపడి ఫోను చేసేవారున్నారు. పోదు. ఈసీ జరిగినవన్నీ తేదీల వరుసలో చెప్పే పట్టిక, పాత వరుసను చెరిపేయరు. 2013 తనఖా వరుస ఎప్పటికీ ఉంటుంది, దాని కింద విడుదల వరుస కొత్తగా చేరుతుంది. కొనేవారికి మీరు చూపించాల్సింది ఆ రెండో వరుసే. విడుదల రిజిస్టరయ్యాక ఒక రోజు ఆగి, registration.ap.gov.in లో కొత్త ఈసీ తీయండి. 2013కు ఒక సంవత్సరం ముందు నుంచి ఈ రోజు వరకు, పాత ఇంటి నంబరుతో ఒకసారి, కొత్త నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి. మూడింట్లోనూ విడుదల వరుస కనబడాలి. ఒకదానిలో కనబడకపోతే షెడ్యూలు తేడా ఉన్నట్టే. అమ్మకానికి ముందే సవరణ దస్తావేజు రాయించుకోవాలి, దానికి మళ్లీ ఆ ఆఫీసరే రావాలి. అందుకే ముసాయిదా దగ్గరే కళ్లు పెద్దవి చేసుకోమంటున్నాను.

సెర్సాయ్‌లో చార్జీ తొలగించే పని బ్యాంకుదే, మీరు చేయగలిగింది అది జరిగిందో లేదో చూసుకోవడమే. cersai.org.in లో ఎవరైనా చిన్న ఫీజు కట్టి ఆస్తి పేరుతో గానీ అప్పుదారు పేరుతో గానీ వెతకవచ్చు. చార్జీ తీరినట్టు చూపిస్తే ఆ పేజీ ముద్రించి దస్తావేజులతో ఉంచండి. ఇంకా నడుస్తున్నట్టు చూపిస్తే ఆ ముద్రణనే ఉత్తరానికి జతచేసి బ్యాంకుకు పంపండి. కొనేవారు అప్పు తీసుకుంటే వాళ్ల బ్యాంకు తప్పకుండా ఇక్కడ చూస్తుంది.

అప్పుదారు చనిపోయిన ఇళ్ల గురించి రెండు మాటలు, ఇది చదివే ఇంకొకరికైనా పనికొస్తుంది. వారసులకు పత్రాలు ఎలా ఇస్తామో బ్యాంకు తన వెబ్‌సైటులో పెట్టాలని అదే ఆదేశం చెబుతోంది. మామూలుగా మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మిగతా వారసులు ‘ఫలానావారికి ఇవ్వండి’ అని రాసిచ్చిన సమ్మతి అడుగుతారు. ఒక కూతురు అమెరికాలో ఉంటే ఆ సమ్మతి దగ్గరే నెలలు గడుస్తాయి. అప్పు తీరడానికి ముందే ఆమె సంతకం అక్కడి కాన్సులేటులో చేయించి తెప్పించుకోవడం తెలివి.

మీ కొనుగోలుదారుకు ఇప్పుడు ఏం చెప్పాలో కూడా అడిగినట్టే కదా. అడ్వాన్సు తీసుకునేముందే అమ్మకపు ఒప్పందంలో రాయండి: విడుదల పత్రం రిజిస్టరై ఈసీలో కనబడిన తర్వాత ఇన్ని రోజులకు క్రయ రిజిస్ట్రేషన్. నిర్దిష్టమైన తేదీ మాత్రం రాయకండి. బ్యాంకు ఆఫీసరు సెలవు మీద వెళ్లాడని మీరు ఒప్పందం తప్పినవారు కాకూడదు. నోటిమాట మీద ‘పదిహేను రోజుల్లో అయిపోతుంది’ అని హామీ ఇచ్చి, తీసుకున్న అడ్వాన్సు రెట్టింపు తిరిగి ఇవ్వాల్సి వచ్చినవారిని ఇద్దరిని ఎరుగుదును.

రేపు ఉదయం చేయాల్సింది స్టేట్‌మెంటు, ఉత్తరం. రెండూ ఒకేసారి శాఖకు పట్టుకెళ్లండి. అప్పు తీసుకునేటప్పుడు మీరు సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులు ఉంటే అవీ అడగండి.